రికవరబుల్ షెడ్యూల్ క్యాస్కేడింగ్ అబార్ట్‌ను ఆపదు

ప్రశ్న: రికవరబుల్, క్యాస్కేడ్‌లెస్, స్ట్రిక్ట్ షెడ్యూళ్లు మూడూ క్యాస్కేడింగ్ అబార్ట్‌లను ఎలా నివారిస్తాయి? చదివిన ప్రతిసారీ ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి.

నివారించేవి మూడూ కాదు, రెండే. మూడూ నివారిస్తాయనుకోవడం వల్లే కలిసిపోతున్నాయి. ఒక ట్రాన్సాక్షన్ అబార్ట్ అయితే దాన్నుంచి చదివినవీ వరుసగా అబార్ట్ కావడమే క్యాస్కేడింగ్ అబార్ట్. రికవరబుల్ షెడ్యూల్ దాన్ని ఆపదు సరికదా, అవసరమైనప్పుడు అది జరగడానికి వీలు కల్పిస్తుంది. ఆపేది క్యాస్కేడ్‌లెస్. స్ట్రిక్ట్ కూడా ఆపుతుంది గానీ, దాని అసలు ప్రయోజనం వేరు. పరీక్షల కోసం ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వృత్తాలు గీయించి, ఏ వృత్తం ఏ నష్టాన్ని తప్పిస్తుందో చెప్పకుండా వదిలేసే బోధనే ఈ గందరగోళానికి మూలమని నా గట్టి అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో గోదాము నిల్వలు, ఆర్డర్లు ఒకే డేటాబేస్‌లో ఉండేవి. నిల్వను చదివే క్వెరీలు లాక్‌ల దగ్గర ఆగిపోతున్నాయన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, వాటన్నిటినీ, ఇతరులు ఇంకా కమిట్ చేయని విలువలనూ చదవనిచ్చే `READ UNCOMMITTED` స్థాయికి మార్చి సమస్య తీరిందని అనుకున్నారు. వేగం కోసం ఆ స్థాయిని ఎక్కడపడితే అక్కడ పెట్టే అలవాటు నాకు మొదటి నుంచీ నచ్చదు. దాని ఫలితం ఒక రోజు ఇలా బయటపడింది. కొత్తగా వచ్చిన సరుకును నమోదు చేసే T1, ఒక వస్తువు నిల్వ Xను 10 నుంచి 50కి పెంచింది. ఇంకా చాలా వరుసలు మిగిలి ఉండగానే, ఆర్డర్లు తీసుకునే T2 ఆ 50ని చదివి, 30 యూనిట్ల ఆర్డరును Yగా రాసి కమిట్ చేసింది. తర్వాత T1 చివరి వరుసలలో ఒకటి నియమానికి విరుద్ధంగా ఉండటంతో ట్రాన్సాక్షన్ మొత్తం రోల్‌బ్యాక్ అయింది.

```
T1: write(X)   10 -> 50
T2: read(X)    50
T2: write(Y)   30
T2: commit
T1: abort      X = 10
```

గోదాములో ఉన్నవి 10, మేము అంగీకరించినది 30. లాగ్‌లో T1 విఫలమైనట్టు ఒక పంక్తి ఉంది, అది మామూలే. T2లో మాత్రం ప్రతి స్టేట్‌మెంటూ సఫలమైంది కాబట్టి వెతకడానికి ఏ ఆధారమూ కనిపించలేదు. ఆర్డరు కమిట్ అయిన సమయం T1 మొదలైన క్షణానికీ, రోల్‌బ్యాక్ అయిన క్షణానికీ మధ్యన పడిందని గమనించిన తర్వాతే కారణం తెలిసింది. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. కమిట్ అయినదాన్ని డేటాబేస్ తనంతట తాను వెనక్కి తీసుకోదు. రద్దు చేయాలంటే మనిషే మరో ట్రాన్సాక్షన్ రాయాలి. ఇటువంటి షెడ్యూల్‌నే నాన్‌రికవరబుల్ అంటారు.

ఇప్పుడు ఇదే ఉదంతంలో ఒక్క అడుగు మాత్రమే జరపండి. T2 ఆ 50ని చదవవచ్చు, ఆర్డరు రాయవచ్చు, కానీ T1 కమిట్ అయ్యేవరకు తాను కమిట్ కాకూడదు. రికవరబుల్ నియమం ఇంతే: ఎవరు రాసినదాన్ని చదివామో, వారి కమిట్ తర్వాతే మన కమిట్. ఇక్కడ T1 అబార్ట్ అయితే T2 ఇంకా కమిట్ కాలేదు కనుక దాన్నీ అబార్ట్ చేయవచ్చు, తప్పు ఆర్డరు నిలవదు. కానీ ఈలోగా పంపిణీ చీటీ తయారుచేసే T3, T2 రాసిన Yను చదివి ఉంటే అదీ అబార్ట్ కావాలి, T3 రాసినదాన్ని చదివినవన్నీ దాని వెంటే పోవాలి. మీరు నివారణ అనుకుంటున్న చోటే క్యాస్కేడింగ్ అబార్ట్ పుడుతోంది. పైగా ఎవరు ఎవరి నుంచి చదివారో ఇంజిన్ గుర్తుపెట్టుకోవాలి. ఈ శ్రమకు సిద్ధపడినవి తక్కువే. పట్టికలను మెమరీలోనే ఉంచే హెకటాన్ ఇంజిన్ అటువంటిది. కమిట్‌కు సిద్ధమై ధ్రువీకరణ దశలో ఉన్న ట్రాన్సాక్షన్ రాసిన విలువను అందులో మరొకటి చదవవచ్చు, బదులుగా దానిపై కమిట్ డిపెండెన్సీ పెట్టుకుంటుంది. మొదటిది అబార్ట్ అయితే రెండవదీ అబార్ట్ అవుతుంది. ఆ దశకు చేరిన ట్రాన్సాక్షన్ సాధారణంగా పూర్తవుతుందన్న భరోసాతోనే ఆ బేరం గిట్టుబాటవుతుంది.

క్యాస్కేడ్‌లెస్ షెడ్యూల్ కమిట్‌ను కాక, చదవడాన్నే జరుపుతుంది: కమిట్ అయిన విలువను తప్ప దేనినీ చదవకూడదు. మా ఉదంతంలో T2, T1 ముగిసేదాకా ఆగి ఉంటే 10ని చదివి 30 యూనిట్ల ఆర్డరును తిరస్కరించేది. ఆగడం ఇష్టం లేకపోతే, పాత వెర్షన్లను ఉంచే డేటాబేస్‌లో వెంటనే ఆ 10నే పొందేది. ఎవరి కమిట్ కాని విలువా మరొకరి చేతికి చేరదు కాబట్టి ఒకరి అబార్ట్ మరొకరికి అంటుకునే దారి లేదు. పోస్ట్‌గ్రెస్‌లో `READ UNCOMMITTED` అడిగినా అది `READ COMMITTED` గానే పనిచేస్తుంది. మిగిలినవారూ అలాగే చేసి ఉంటే నాకు ఈ సమాధానం రాసే పని తగ్గేది.

ఇక స్ట్రిక్ట్. క్యాస్కేడ్‌లెస్ నియమం చదవడాన్ని మాత్రమే కట్టడి చేస్తుంది, చదవకుండా పైన రాయడాన్ని వదిలేస్తుంది. T1 పైన చెప్పినట్టు 50 రాసి ఉండగా, చేత్తో లెక్కపెట్టిన నిల్వను నమోదు చేసే T4 వచ్చి, Xను చదవకుండానే 12 అని రాసిందనుకోండి.

```
T1: write(X)   10 -> 50
T4: write(X)   50 -> 12
T1: abort      X = 10
T4: commit
```

ఎవరూ ఎవరి నుంచీ చదవలేదు, కాబట్టి ఇది క్యాస్కేడ్‌లెస్సే. కానీ రోల్‌బ్యాక్ చేయడమంటే రాయకముందున్న విలువను తిరిగి పెట్టడం అయినప్పుడు, T1 అబార్ట్ Xను 10కి మార్చి T4 రాసిన 12ను తుడిచేస్తుంది. ఆ తర్వాత T4 కమిట్ అయినా ఏం లాభం? T4 కూడా అబార్ట్ అయితే మరీ ఘోరం: అది రాయకముందు చూసిన విలువ 50 కనుక, ఏనాడూ కమిట్ కాని 50 తిరిగి వచ్చి కూర్చుంటుంది. స్ట్రిక్ట్ నియమం ప్రకారం ఒక అంశాన్ని చివరగా రాసిన ట్రాన్సాక్షన్ కమిట్ లేదా అబార్ట్ అయ్యేదాకా ఇతరులు దాన్ని చదవనూ కూడదు, రాయనూ కూడదు. ఎక్స్‌క్లూజివ్ లాక్‌లను ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వదలని స్ట్రిక్ట్ టూ ఫేజ్ లాకింగ్ దీన్నే అమలు చేస్తుంది. అంటే స్ట్రిక్ట్ అదనంగా కొని తెచ్చేది క్యాస్కేడ్ నుంచి రక్షణ కాదు, పాత విలువను నిశ్చింతగా తిరిగి పెట్టగలగడం.

చివరిగా, స్ట్రిక్ట్ అన్న పేరు చూసి ఇక అన్నీ సరిగ్గా ఉంటాయని నమ్మేవారు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు.

```
T5: read(X)    10
T6: read(X)    10
T5: write(X)   7
T5: commit
T6: write(X)   6
T6: commit
```

T5 మూడు తీసింది, T6 నాలుగు తీసింది, మిగలవలసినవి 3, మిగిలినట్టు కనిపించేవి 6. T6 రాసే సమయానికి T5 కమిట్ అయిపోయింది కాబట్టి ఈ షెడ్యూల్ నిక్షేపంగా స్ట్రిక్టే, అయినా సీరియలైజబుల్ కాదు, అంటే రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి నడిపితే వచ్చే ఫలితం రాదు. పై మూడు నియమాలూ అబార్ట్ వల్ల కలిగే నష్టం గురించి మాత్రమే మాట్లాడతాయి. ఇక్కడ అబార్ట్ అయినవారే లేరు.