హౌ ఆర్ యూ అంటే నిజంగా ఏం చెప్పాలి

మొన్న సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు మా అక్క కొడుకు, వచ్చే నెల ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాడు, "మావయ్యా, అక్కడ షాపువాడు కూడా హౌ ఆర్ యూ అంటాడంట కదా, మనం ఎవరో కూడా తెలీకుండా ఎందుకడుగుతాడు?" అన్నాడు. అప్పుడే ఎదురింటాయన గేటు దగ్గర నుంచి "ఏంటి, రైతు బజారుకా?" అన్నారు, నా చేతిలో సంచి కనపడుతూనే ఉంది, నేను "ఆఁ, అలా వెళ్లొస్తానండి" అనేసి నడిచాను. ఇదేరా అది అన్నాను. ఆయనకి నేను వంకాయలు కొంటానో బెండకాయలు కొంటానో అక్కర్లేదు, నిన్ను చూశాను అని చెప్పడం అంతే.

నాకు ఇది తెలీక అక్కడికెళ్లిన మొదటి వారంలోనే పరువు పోయింది. ఆఫీసు వరండాలో మేనేజర్ ఎదురొచ్చి "హే, హౌ ఆర్ యూ" అంటే నేను ఆగి, నిద్ర పట్టట్లేదండి, కడుపు కూడా సరిగ్గా లేదు అని మొదలెట్టా, తలెత్తి చూస్తే ఆయన నాలుగడుగులు దాటిపోయాడు, పాపం మళ్లీ వెనక్కొచ్చి విన్నాడు, అదింకా సిగ్గు.

జవాబు రెండు ముక్కలు. "గుడ్, హౌ ఆర్ యూ?" అంతే, తిరిగి అడగడం మాత్రం మర్చిపోకూడదు, ఉత్త "ఫైన్" అనేసి ఊరుకుంటే ముభావంగా ఉన్నట్టు అనిపిస్తుంది. పలకడంలో కూడా ఒకటుంది, వాళ్లు మొదట అడిగేటప్పుడు సాధారణంగా "ఆర్" మీద వత్తుతారు, మనం తిరిగి అడిగేటప్పుడు "యూ" మీద వత్తాలి. "వాట్స్ అప్" అంటే మాత్రం "గుడ్" కుదరదు, "నాట్ మచ్" అనాలి. ఇంగ్లండ్‌లో "యూ ఆల్రైట్?" అంటారు, మొహం ఏమైనా పీక్కుపోయిందా అని కంగారు పడకండి, "యా, యూ?" చాలు.

మరి నిజంగా అడిగితే ఎలా తెలుస్తుందంటే, మనిషి ఆగుతాడు, కళ్లలోకి చూస్తాడు, లేదా మీ సంగతి ఏదో ఒకటి తగిలిస్తాడు, మీ అమ్మగారి ఆపరేషన్ తర్వాత ఎలా ఉన్నారు అన్నట్టు. అప్పుడు చెప్పండి. డాక్టర్ దగ్గర చాలామంది తికమక పడేది ఇక్కడే, ఆయన గదిలోకి వస్తూ అనే హౌ ఆర్ యూ కూడా పలకరింపే, "ఓకే, థాంక్స్" అన్నా ఏం మునిగిపోదు, ఆ తర్వాత ఎందుకొచ్చారు అని అడుగుతాడు, నొప్పి సంగతి అప్పుడు పూర్తిగా చెప్పాలి, ముందు ఫైన్ అన్నాను కదా అని మొహమాటపడి తగ్గించి చెప్పొద్దు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో వాడితో ప్రాక్టీస్ చేయించా. ఎదురుగా వస్తూ "హౌ ఆర్ యూ" అన్నాను, "గుడ్, హౌ ఆర్ యూ" అని బానే అన్నాడు గానీ, చేతులు కట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నడుస్తూ అనరా బాబూ అంటే, మళ్లీ మొదట్నుంచి అన్నాడు.