వాన రోజులకు డెమరేజ్: లెక్క ఇలా తేల్చుకోండి

"కాకినాడ యాంకరేజ్‌లో 24,000 టన్నుల బియ్యం బార్జిల మీదుగా ఎక్కించాం. వాన పడిన రోజుకీ ఓనర్లు డెమరేజ్ అడుగుతున్నారు. కట్టాలా?"

ఓడను ఒక ప్రయాణానికి మాట్లాడుకున్న వాయేజ్ చార్టర్ అయితే, ఆ వాన లేటైమ్, అంటే లోడింగ్‌కు ఒప్పందంలో ఇచ్చిన గడువు, అయ్యేలోపు పడిందా, అయ్యాక పడిందా అన్నది ముందు చూడండి. ఆ గడువు దాటాక ఓడ ఆగిన సమయానికి ఓనర్లకు కట్టేదే డెమరేజ్.

రోజుకు 2,000 టన్నులు, వెదర్ వర్కింగ్ డే, ఆదివారాలు కలిపి అని రాసుకున్నారనుకుందాం. లేటైమ్ 12 రోజులు. మధ్యలో వానకు 2 రోజులు పోతే అవి లెక్కలోకి రావు కాబట్టి, లేటైమ్ 14వ రోజు చివర అయిపోతుంది. లోడింగ్ 17వ రోజు ముగిసిందంటే డెమరేజ్ 3 రోజులు. రేటు రోజుకు 10,000 డాలర్లయితే 30,000. 16వ రోజంతా వాన కురిసినా తగ్గదు. డెమరేజ్ మొదలయ్యాక, ఒప్పందంలో స్పష్టంగా మినహాయిస్తే తప్ప, వానకు మినహాయింపు ఉండదు.

అందుకే లోడింగ్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదు చేసే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ గంటల వారీగా సరిచూడండి. "14.20 వాన, 14.30 హ్యాచ్‌లు మూశారు, 18.00 తెరిచారు" అన్నట్టు ఉండాలి. ఉత్త "వాన" అని ఉంటే గొడవే. బస్తాలు రాక బార్జి ఆగిన గంటలు మాత్రం మీ ఖాతాలోవే.

ఓడను కొంత కాలానికి అద్దెకు తీసుకున్న టైమ్ చార్టర్ అయితే లేటైమ్ మాటే లేదు. ఓడ ఖాళీగా నిలిచినా అద్దె, ఇంధనం చార్టరర్‌వే. ఇంజిన్ చెడిపోవడం లాంటి ఆఫ్‌హైర్ కారణం ఉంటేనే అద్దె ఆగుతుంది.