బంగారం–వెండి నిష్పత్తికి రోజువారీ అలర్ట్

బంగారం–వెండి నిష్పత్తి బాగా పెరిగినా, బాగా తగ్గినా నాకు మెయిల్ రావాలంటే ఏం చేయాలి?

గ్రాము బంగారం ధరకు ఎన్ని గ్రాముల వెండి వస్తుందో చెప్పే అంకే ఈ నిష్పత్తి. గూగుల్ షీట్‌లో కింది ఫార్ములా పెట్టి, ఫలితం 100 దాటినా 40 కంటే తగ్గినా మెయిల్ పంపే స్క్రిప్ట్‌కు రోజువారీ ట్రిగ్గర్ పెట్టండి.

```
=A2*100/B2
```

A2లో 10 గ్రాముల బంగారం ధర, B2లో కిలో వెండి ధర ఉండాలి. తూకాలు వేరు కాబట్టే 100తో గుణిస్తాం. 90,000, 1,00,000 ఉంటే నిష్పత్తి 90, మెయిల్ రాదు.

ఈ నిష్పత్తి 2011 ఏప్రిల్‌లో 32 దగ్గరికి దిగింది, 2020 మార్చిలో 120 దాటింది. సరిగ్గా ఆ అంకెలే హద్దులుగా పెడితే అలర్ట్ ఎన్నేళ్లకూ మోగకపోవచ్చు. ట్రిగ్గర్ ధరలను తీసుకురాదు, అవి రోజూ షీట్‌లో మారాల్సిందే.

నిష్పత్తి 100 దాటితే వెండి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ వెండి పెరగకుండా బంగారం పడిపోయినా నిష్పత్తి దిగుతుంది.