ఎల్‌ఈడీ బల్బు కొనేముందు హోల్డర్ దగ్గర ఓల్టేజీ చూడండి

ప్రశ్న: అన్నా, నాది పాత హాలోజెన్ లైట్ల కారు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి తరచూ రాత్రిపూట పోవాల్సి వస్తోంది. ఆత్మకూరు దాటాక రోడ్డు సరిగ్గా కనపడటం లేదు. షాపువాళ్లు ఎల్‌ఈడీ బల్బులు వేయించుకోమంటున్నారు. వేయించమంటారా?

జవాబు:

ఇప్పుడే వద్దు. పాత కార్లలో చాలాసార్లు లోపం బల్బులో ఉండదు, బల్బుదాకా వచ్చే కరెంటులో ఉంటుంది. నేనూ ఆ రోడ్డు మీదే తిరుగుతాను, నాదీ అలాంటి కారే. కాబట్టి నా బండిలో ఏం తేలిందో చెబుతాను.

ఇంజన్ ఆన్‌లో పెట్టి, డిమ్ లైట్లు వేసి మల్టీమీటర్‌తో చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 ఓల్టులు ఉంది. బల్బు వెలుగుతుండగానే హోల్డర్ వెనక పిన్నుల దగ్గర చూస్తే 12.0 వచ్చింది. 1.8 ఓల్టులే కదా అనిపిస్తుంది. కానీ హాలోజెన్ బల్బుకి ఓల్టేజీ 5 శాతం తగ్గితే వెలుతురు 15 శాతం పైన తగ్గుతుంది. ఆ లెక్కన నా బండిలో మూడో వంతుకు పైగా వెలుతురు దారిలోనే పోతోంది. కొత్త బల్బు వేసినా అంతే.

ఎక్కడ పోతోంది? నా కారులో రెండు లైట్ల కరెంటు, అంటే 9 ఆంపియర్ల దాకా, స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండానే పోతుంది. సన్న వైరు, అరిగిన కాంటాక్టులు. ఇంకో దొంగ ఎర్త్. హోల్డర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూస్తే 0.7 ఓల్టు చూపించింది. అక్కడ 0.2 దాటకూడదు. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. మా బంధువుల ఇల్లు సముద్రం పక్కనే, బండి ఎక్కువగా అక్కడే ఆగుతుంది మరి. దాన్ని ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే సగం పని అయిపోయింది. మిగతాదానికి ఆటో ఎలక్ట్రీషియన్ రిలే పెట్టాడు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలేకి, అక్కడి నుంచి హోల్డర్‌కి మందపాటి వైరు. పాత స్విచ్ వైరు రిలేని లేపడానికే. ఇప్పుడు హోల్డర్ దగ్గర 13.4 ఉంటోంది. మంచి ఎల్‌ఈడీ జత ధరకన్నా తక్కువలోనే అయింది. మీ బండిలో కంపెనీయే రిలే ఇచ్చి ఉండొచ్చు, ముందు అది చూసుకోండి.

ఎల్‌ఈడీ సంగతి. మీ లైటు గిన్నె హాలోజెన్ ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేసింది. చిప్పు ఆ చోట ఖచ్చితంగా కూర్చోకపోతే వెలుతురు చెదిరిపోతుంది. బానెట్ ముందు రోడ్డు తెల్లగా మెరుస్తుంది, దాంతో బాగా కనపడుతున్నట్టే ఉంటుంది. కానీ కన్ను ఆ దగ్గరి వెలుగుకి అలవాటుపడి, దూరంగా ఉన్న నల్ల బర్రె ఇంకా నల్లగా అయిపోతుంది. ఎదురొచ్చేవాడి కళ్లల్లో పడేది వేరే. ఎవరి బండిలోనైనా వేసి ఉంటే గోడ మీద కొట్టి చూడండి. డిమ్ లైటుకి పైన స్పష్టమైన గీత, ఎడమవైపు కొంచెం పైకి లేచి ఉండాలి. గీత అలికినట్టు ఉంటే ఆ బల్బు ఆ గిన్నెకి సరిపడలేదు.

ఆ గోడ దగ్గరే గురి కూడా చూసుకోండి. బండి 10 మీటర్ల దూరంలో చదునైన నేల మీద ఉంటే, గీత లైటు ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి రావాలి. లైటు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వెలుగు 65 మీటర్లకు నేలను తాకుతుంది. 20 సెంటీమీటర్లు దిగిందంటే 32 మీటర్లకే అయిపోతుంది. డిక్కీలో బియ్యం మూటలు వేసినప్పుడు మాత్రం ముందుభాగం లేస్తుంది, డాష్‌బోర్డు మీద లైటు దించే చక్రం ఉంటే తిప్పుకోండి.

ఇవన్నీ చేసినా డిమ్ లైటుకి హద్దు ఉంది. 80 వేగంలో, పొడి రోడ్డు మీద, చూసి బ్రేకు వేసి ఆగడానికి 65, 70 మీటర్లు పడుతుంది. 60లో 45 దాకా. వరి కోతలప్పుడు వెనక రేడియం స్టిక్కర్ కూడా లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రక్కు అంతకన్నా దగ్గరికొచ్చాకే కనపడొచ్చు. అందుకే ఎదురు బండి లేనప్పుడు హైబీమ్ వేసుకుని, దూరంగా లైటు కనపడగానే దించి, దించాక వేగం 60కి తగ్గిస్తాను. వెనకాల వాళ్లు హారన్ కొడితే కొట్టనీ.

లైటు మీది ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే నీటి ఎమరీతో పాలిష్ చేయించి, పైన యూవీ పూత వేయించండి. పూత లేని పాలిష్ త్వరలోనే మళ్లీ పసుపెక్కుతుంది. లోపలి గిన్నె వెండి మెరుపు పోయిందంటే లైటు మొత్తం మార్చడమే.

రిలే వేయించేటప్పుడు ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టమనండి, వైరు ఎక్కడైనా రాసుకుంటే మంట రాకుండా. అదే ఊపులో 90/100 వాట్ల బల్బులు వేద్దామంటారు, ఒప్పుకోకండి. అవి రోడ్డు మీద వాడటానికి చట్టం ఒప్పుకోదు, వేడికి హోల్డర్ కూడా కరుగుతుంది. మామూలు 60/55 చాలు.