పాత తూకం మిషన్‌కు స్ట్రెయిట్ కేబులా, నల్ మోడెమా?

"తూకం మిషన్‌ను తొమ్మిది పిన్నుల కేబుల్‌తో పీసీకి కలిపాను. ఒక్క అక్షరం కూడా రావట్లేదు. ఏ కేబుల్ కొనాలి?"

కొనేముందు మల్టీమీటర్ తీయండి. కేబుల్ ఊడదీసి, మిషన్ ఆన్ చేసి, డీసీ వోల్ట్స్‌లో నల్ల ప్రోబ్‌ను 5వ పిన్‌కు ఆనించండి, అది గ్రౌండ్. ఎర్రది ముందు 2కు, తర్వాత 3కు పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు డేటా పంపే పిన్ మీద మైనస్ 5 నుంచి మైనస్ 12 దాకా కనిపిస్తుంది, వినే పిన్ దాదాపు సున్నా.

పీసీ 3 మీద పంపి, 2 మీద వింటుంది. మిషన్‌లో మైనస్ వోల్టేజీ 2వ పిన్ మీద వస్తే, పిన్నుకు అదే పిన్ను కలిపే స్ట్రెయిట్ కేబుల్ చాలు. 3 మీద వస్తే రెండూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నట్టే, 2-3 మార్చిన నల్ మోడెమ్ కావాలి. కనెక్టర్ మగదా ఆడదా అన్నదాన్ని బట్టి మాత్రం తేల్చకండి. పిచ్చి అక్షరాలొస్తే కేబుల్ బాగానే ఉన్నట్టు, డేటా పంపే వేగం, అంటే బాడ్ రేటు సరిచూడండి.