టెన్ కిలోమీటర్స్ తర్వాత ‘ఈజ్’ ఎందుకు వస్తుంది?

ప్రశ్న: “‘టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఫార్’ అనాలా, ‘ఆర్ ఫార్’ అనాలా? కిలోమీటర్స్ అని బహువచనం కనిపిస్తుంటే ఈజ్ ఎలా పెడతారు? డబ్బుకీ, సంవత్సరాలకీ కూడా ఇదే రూలా? ఇంగ్లిష్‌లో ఏదైనా రాయాలంటే ఇక్కడికి వచ్చేసరికి టెన్షన్ వచ్చేస్తోంది.”

ఇక్కడ ‘ఈజ్’ సరైనది. డబ్బుకీ, కాలానికీ కూడా చాలావరకు ఇంతే. కాకపోతే కాలం దగ్గర ఒక మలుపు ఉంది. ఎక్కువమంది తడబడేది అక్కడే కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

నేను ఇంగ్లిష్ రిపోర్టులకు ప్రూఫ్ చూస్తుంటాను. పనిలో చేరిన కొత్తలో ఒక పేజీలో “టెన్ కిలోమీటర్స్ ఈజ్ టూ ఫార్ టు వాక్” అన్న వాక్యం కనిపించింది. కిలోమీటర్స్ చివర ‘స్’ ఉంది కదా అని, ‘ఈజ్’ కొట్టేసి పైన ‘ఆర్’ అని రాశాను. మా సీనియర్ ఆ పేజీ నా ముందు పెట్టి, “ఇందులో దూరం అంటున్నది దేన్ని? ఒక్కో కిలోమీటరూ నడవలేనంత దూరమా?” అని అడిగారు. కాదన్నాను. మొదటి కిలోమీటరు ఎవరైనా నడుస్తారు, రెండోదీ నడుస్తారు. పదీ కలిసి ఒక దూరం అయితేనే అది నడవలేనంత అవుతుంది. “అలా కలిసిన దూరం ఒక్కటే కదా, మరి దానికి ఆర్ ఎందుకు?” అన్నారాయన. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను వాడుతున్న పరీక్ష ఇదే. క్రియ చెప్తున్న మాటను ఒక్కో యూనిట్‌కీ విడివిడిగా అంటించి చూడాలి. అంటకపోతే మొత్తం ఒకే ముద్ద, ఏకవచనం పెట్టాలి.

డబ్బుతో చూడండి. “ఫైవ్ హండ్రెడ్ డాలర్స్ ఈజ్ టూ మచ్” అన్నప్పుడు ఒక్కో డాలరు ఎక్కువని ఎవరూ అనరు, ఎక్కువ అనిపించేది మొత్తమే. అక్కడ ‘టూ మెనీ’ అనకుండా ‘టూ మచ్’ అనడం కూడా గమనించండి. విడివిడిగా లెక్కపెట్టేవాటికి ‘మెనీ’ వాడే భాష ఇక్కడ ‘మచ్’ అంటోందంటే, దాని దృష్టిలో ఇది డాలర్ల గుంపు కాదు, ఒక మొత్తం. “అనదర్ టెన్ కిలోమీటర్స్” అన్న మాటలోనూ ఇదే ఉంది. ‘అనదర్’ మామూలుగా ఒక్కదాని ముందే వస్తుంది. అది పది కిలోమీటర్ల ముందు కూడా హాయిగా కూర్చుంటోందంటే ఆ పదీ ఒక్కటిగా లెక్కలోకి వచ్చినట్టే. అదే టేబుల్ మీద పడి ఉన్న నోట్ల గురించి చెప్తుంటే సంగతి వేరు. “ఫైవ్ నోట్స్ వర్ టోర్న్” అనాలి, ఎందుకంటే ప్రతి నోటూ విడిగా చిరిగింది.

ఇక కాలం. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఒక మెయిల్ ముసాయిదాలో ఈ మూడు వాక్యాలు వరసగా ఉన్నాయి: “సిక్స్ వీక్స్ ఈజ్ టూ షార్ట్ ఫర్ దిస్ వర్క్. ఫోర్ వీక్స్ హాజ్ ఆల్రెడీ పాస్డ్. ఓన్లీ టూ వీక్స్ ఈజ్ లెఫ్ట్.” రాసినవాళ్లకి రూల్ తెలుసు. కాలానికి ఏకవచనం అని నేర్చుకుని మూడు చోట్లా అదే పెట్టేశారు. మొదటి వాక్యం సరిగ్గానే ఉంది. చాలదు అంటున్నది మొత్తం ఆరు వారాల గడువు గురించి, ఒక్కో వారం గురించి కాదు. రెండో వాక్యంలో మాత్రం వారాలు ఒకదాని తర్వాత ఒకటి గడిచాయి. మొదటి వారం గడిచింది, రెండోదీ గడిచింది, అలా నాలుగూ గడిచాయి. ‘పాస్డ్’ అన్న మాట ప్రతి వారానికీ అంటుతోంది కాబట్టి “ఫోర్ వీక్స్ హావ్ పాస్డ్” అని మార్చాను. మూడోదానిలో ఇంకా చేతిలో ఉన్న వారాలను లెక్కపెడుతున్నారు, అందుకే అక్కడ ‘ఆర్ లెఫ్ట్’ అన్నాను. ఒకే పేరాలో, ఒకే ‘వీక్స్’ అన్న మాటకి, ఒకచోట ఏకవచనం, రెండుచోట్ల బహువచనం వచ్చాయి. చదివేవాళ్లకి ఇది ఎక్కడా తప్పుగా తోచదు, ఎందుకంటే ప్రతిసారీ క్రియ అర్థాన్ని బట్టే నడిచింది.

ఈ తేడా మనకి కొత్తదేమీ కాదు. తెలుగులో “మూడేళ్లు అయింది” అంటాం, “మూడేళ్లు గడిచాయి” అని రాస్తాం. “అక్కడికి పది కిలోమీటర్లు ఉంటుంది”, “రెండు గంటలు పడుతుంది” అంటాం. ‘రెండు గంటలు పడతాయి’ అంటే చెవికి వింతగా తగులుతుంది. అంటే బహువచనం కనిపిస్తున్నా క్రియను ఏకవచనంలో పెట్టే అలవాటు మన నోటికి ముందే ఉంది. ఇంగ్లిష్ రాసేటప్పుడు మాత్రం, బడిలో నేర్చుకున్న ‘స్ ఉంటే ఆర్’ అన్న లెక్క ముందుకొచ్చి ఆ సహజమైన అలవాటును తొక్కేస్తుంది. నా విషయంలో జరిగిందీ అదే.

అలాగని తెలుగు చెవినే పూర్తిగా నమ్మి ఇంగ్లిష్ రాయకండి. మనం “ఐదు వందలు సరిపోతుంది” అంటాం, “సరిపోతాయి” అని కూడా అంటాం, రెండూ చెల్లుతాయి. ఇంగ్లిష్‌లో ‘ఇనఫ్’ దగ్గర ఆ వెసులుబాటు దాదాపు లేదు, “ఫైవ్ హండ్రెడ్ డాలర్స్ ఈజ్ ఇనఫ్” అనే రాయాలి. సరిపోయేది మొత్తమే కాబట్టి పరీక్ష ఇక్కడ కూడా సరిగ్గానే చెప్తుంది. సందేహం వస్తే తెలుగు వాక్యం ఎలా వినిపిస్తోందన్నది పక్కన పెట్టి, ‘ఒక్కోదానికీ అంటుతుందా’ అన్న ప్రశ్న దగ్గరికే రండి.

‘ద లాస్ట్’, ‘దోజ్’ లాంటివి ముందు చేరితే మాత్రం ఆగి చూడాలి. “టెన్ ఇయర్స్ ఈజ్ ఎ లాంగ్ టైమ్” అన్నది ఒక కొలత, ఏ పదేళ్లయినా అంతే పొడవు. “ద లాస్ట్ టెన్ ఇయర్స్ హావ్ బీన్ డిఫికల్ట్” అన్నప్పుడు కొలత పోయి, నిజంగా బతికిన పదేళ్లు కళ్ల ముందుకొస్తాయి. ప్రతి ఏడూ కష్టంగానే గడిచింది, అందుకే ‘హావ్’. నేను చూసే ప్రతుల్లో ఎక్కువ తప్పులు దొరికేది ఈ ‘లాస్ట్’ దగ్గరే. టెన్ ఇయర్స్‌కి ఏకవచనం అని బట్టీ పట్టినవాళ్లు ‘హాజ్ బీన్’ అని రాసేస్తారు.

ఇంత చెప్పాక కూడా కొన్ని వాక్యాలు గీత మీదే నిలబడతాయి. “ఫైవ్ హండ్రెడ్ డాలర్స్ వాజ్ స్పెంట్” అనీ రాస్తారు, “వర్ స్పెంట్” అనీ రాస్తారు. ఖర్చయింది ఆ మొత్తమూ అవుతుంది, అందులోని ఒక్కో డాలరూ అవుతుంది, కాబట్టి పరీక్ష రెండువైపులా నెగ్గుతుంది. అలాంటిచోట మొత్తాన్నే చూస్తూ నేను ‘వాజ్’ ఉంచుతాను, ఆ రిపోర్టు చివరిదాకా అదే పాటిస్తాను. రాసినవాళ్లకి అది నచ్చకపోతే కర్తనే మార్చేయమంటాను. “వీ స్పెంట్ ఫైవ్ హండ్రెడ్ డాలర్స్” అని రాస్తే క్రియ ‘వీ’తో కుదురుకుంటుంది, వాజా వరా అన్న ప్రశ్నే రాదు.