తల్లి పిల్లి బాగానే ఉంది, కూనలకే తుమ్ములు ఎందుకు?

ప్రశ్న: మా పిల్లి నాలుగు కూనలు పెట్టింది. వాటికిప్పుడు ఐదు వారాలు. నాలుగు రోజులుగా రెండు కూనలు తుమ్ముతున్నాయి, ముక్కు కారుతోంది. ఒకదానికి కన్ను నీరు కారి పొద్దునకల్లా అంటుకుపోతోంది. మా బాబుకు వాడగా మిగిలిన కంటి చుక్కలు వేశాం, వాడి జలుబు సిరప్ కూడా రెండు చుక్కలు పట్టాం. తల్లి గడప దాటదు, ఆరోగ్యంగా ఉంది. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో ఇంకో పిల్లి ఉంది, దానికీ అంటుకుంటుందా?

డాక్టర్ జవాబు: ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చెబుతాను. ముందు ఆ రెండు సీసాలు తీసి లేబుల్ చదవండి.

సిరప్‌లో పారాసిటమాల్ ఉందా? ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. సీసా కూడా వెంట తీసుకెళ్లండి. పిల్లుల కాలేయం ఈ మందును మనలాగా విరిచి బయటికి పంపలేదు. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి పోతుంది. చిగుళ్లు గోధుమ రంగులోకి మారడం, ముఖమో పాదాలో వాయడం, ఆయాసం కొన్ని గంటల్లోనే కనిపించవచ్చు. కూన చిన్నది కాబట్టి రెండు చుక్కలే కదా అని ఊరుకోవద్దు. విరుగుడు ఉంది, కానీ త్వరగా ఇవ్వాలి. లేబుల్‌లో ఆ పేరు లేకపోయినా, జలుబు సిరప్‌లోని మిగతా మందులు కూడా కూనలకు పడకపోవచ్చు. అందుకే ఏం పట్టారో డాక్టర్‌కు చెప్పండి.

ఇక కంటి చుక్కలు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. కూనల్లో ఇలాంటి కంటి జబ్బుకు తరచుగా కారణమయ్యేది పిల్లుల హెర్పిస్ వైరస్. అది కంటి నల్లగుడ్డు మీది పొర మీద పుండు చేస్తుంది. దాని మీద స్టెరాయిడ్ పడితే ఎరుపు తగ్గి, మందు పనిచేస్తోందని మనకు అనిపిస్తుంది. లోపల పుండు మాత్రం లోతవుతూ ఉంటుంది. కూన కన్ను చిట్లిస్తున్నా, కన్ను మసకబారినా ఆ రోజే చూపించాలి. డాక్టర్ ఒక రంగు చుక్క వేసి చూస్తే పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది, ఐదు నిమిషాల పని. మిగిలిన మందు దాచుకుని ఇంకొకరికి వేసే అలవాటును మనుషుల్లోనే మానిపించలేకపోతున్నాం. దయచేసి పిల్లుల మీద ప్రయోగించకండి.

మీరు అడిగిన దానికి వస్తే, చాలా వరకు అనుమానం తల్లి మీదే. హెర్పిస్ ఒకసారి సోకిన పిల్లి కోలుకున్నా, వైరస్ దాని నరాల్లో జీవితాంతం దాగి ఉంటుంది. కూనలు పెట్టడం, పాలివ్వడం, ఇల్లు మారడం లాంటి ఒత్తిడితో మళ్లీ బయటపడి, తల్లికి ఒక్క తుమ్ము కూడా లేకుండానే ముక్కు, కంటి స్రావాల్లో కారుతుంది. తల్లి పాలతో కూనలకు వచ్చిన రక్షణ నాలుగైదు వారాలకల్లా పలచబడుతుంది, మీ కూనల వయసు సరిగ్గా అదే. కాలిసి అనే మరో వైరస్ కూడా ఇలాగే పైకి కనిపించకుండా వ్యాపిస్తుంది. ఏది కారణమో పరీక్షించకుండా నేను ఖాయంగా చెప్పలేను. ఏదైనా సరే, తల్లిని కూనల నుంచి విడదీయకండి. అవి ఇంకా పాలు తాగుతున్నాయి, వైరస్‌కు ఎలాగూ దగ్గరగానే ఉన్నాయి.

రెండో పిల్లిని మాత్రం వేరే గదిలో ఉంచండి. టీకాలు లేకపోతే దానికి సోకే అవకాశం ఎక్కువ. తుమ్ము తుంపర్లు మీటరు, మీటరున్నర దూరమే పడతాయి. గది దాటించేది మీ చేతులు, బట్టలు, గిన్నెలు. ముందు దాని పని చేసి, తర్వాతే కూనల దగ్గరికి వెళ్లండి. హెర్పిస్ బయట ఒక రోజు కూడా నిలవదు, కాలిసి వారాల తరబడి ఉండగలదు. గిన్నెలు సబ్బుతో కడిగాక, లీటరు నీటికి సుమారు 30 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టండి. ఫినాయిల్ వాడకండి, అది పిల్లులకు విషం.

ఇంట్లో మీరు చేయగలిగింది ఇదే: గోరువెచ్చని ఉప్పు నీటిలో (సెలైన్ అయితే మేలు) తడిపిన దూదితో కళ్లు, ముక్కు తుడవండి, కంటికొక కొత్త దూది. వాసన తెలియని కూన తినదు, మెత్తని తిండిని కొంచెం వేడి చేసి పెట్టండి. రోజూ ఒకే వేళకి తూకం వేయండి. ఈ వయసులో రోజుకు సుమారు 10 గ్రాములు పెరగాలి. పెరగకపోయినా, తగ్గినా, పూట తినకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఇంక ఆగకండి. నాలుగు రోజులు ఇప్పటికే ఎక్కువ. స్రావం పసుపుపచ్చగా చిక్కబడితే బ్యాక్టీరియా కూడా చేరిందని అర్థం, యాంటీబయాటిక్ ఏది, ఎంత అన్నది బరువు చూసి డాక్టరే రాయాలి.

హెర్పిస్, కాలిసి రెండూ మీ బాబుకు అంటవు. అయినా పిల్లుల కంటి జబ్బుల్లో అరుదుగా మనుషులకు సోకే క్లమైడియా ఉండొచ్చు కాబట్టి, కూనల్ని ముట్టుకున్నాక వాడి చేతులు కడిగించండి. కోలుకున్నాక టీకాలు మొదలుపెట్టే తేదీని ఈ పరీక్షప్పుడే అడగండి.